పదకొండు అడిగితే రెండింటికే జవాబు వెళ్లింది

ప్రశ్న: నమస్తే మేడమ్. గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో పని చేస్తున్నాను. విదేశీ బయ్యర్ల మెయిల్స్‌కి జవాబులు రాసేది నేనే. ఒక్కో మెయిల్‌లో చాలా ప్రశ్నలు ఉంటాయి. అన్నీ చదివే రాస్తాను, అయినా "మేం అడిగినదానికి జవాబు రాలేదు" అని మళ్లీ మెయిల్ వస్తుంది. మొన్న నెదర్లాండ్స్ బయ్యర్ "ఇది మూడోసారి అడగడం" అని రాశాడు. మా సార్ దాన్ని ఆఫీసులో అందరి ముందూ చదివారు. కొన్నింటికి జవాబు నా దగ్గర ఉండదు, సార్‌ని అడగాలి, ఆయనేమో యార్డులో ఉంటారు. మెయిల్ తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. ఆ బయ్యర్ మెయిల్, నేను రాసిన జవాబు జత చేస్తున్నాను. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు రెండు మెయిల్సూ పంపడం చాలా మంచిదైంది. చూడకుండా చెబితే "జాగ్రత్తగా చదవండి" అనేదాని కంటే ఎక్కువ చెప్పలేకపోయేదాన్ని. మీరు జాగ్రత్తగానే చదివారు. ఇబ్బంది చదవడంలో లేదు, చదవడానికీ రాయడానికీ మధ్య చేయాల్సిన ఒక పని చేయకపోవడంలో ఉంది.

ముందు ఆ బయ్యర్ మెయిల్ సారాంశాన్ని మిగతా పాఠకుల కోసం తెలుగులో పెడుతున్నాను: "తొడిమ తీసిన తేజ రకం కావాలి. మీ దగ్గర ఉన్నది కొత్త పంటా, కోల్డ్ స్టోరేజీ సరుకా? ఒక 20 అడుగుల కంటైనర్‌కి చెన్నై ఎఫ్‌ఓబీ, రోటర్‌డామ్ సీఐఎఫ్ రేట్లు తెలియజేయగలరు. 25 కిలోల సంచుల్లో గానీ 10 కిలోల అట్టపెట్టెల్లో గానీ ప్యాక్ చేయగలరా? తేమ ఎంత? అఫ్లాటాక్సిన్ రిపోర్టు మాకు పంపే లాటుదే కావాలి, పాతది పనికిరాదు. ఎల్‌సీ మీద అయితే మాకు వీలుగా ఉంటుంది. రేటులో ఫ్యూమిగేషన్ కలిసే ఉంటుందని అనుకుంటున్నాం. ఇంతకు ముందు యూరప్‌కు పంపారా, పంపితే ఎవరికి?"

ఎఫ్‌ఓబీ అంటే సరుకును ఓడకెక్కించేదాకా అయ్యే ఖర్చులతో రేటు, సీఐఎఫ్ అంటే ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కూడా కలిపిన రేటు. ఎల్‌సీ అంటే షరతుల ప్రకారం కాగితాలు చూపితే డబ్బిస్తామని బయ్యర్ తరఫున బ్యాంకు ఇచ్చే హామీ, ఫ్యూమిగేషన్ అంటే పురుగు చావడానికి సరుకుకు మందు పొగ పెట్టడం. ఈ మెయిల్‌లో ప్రశ్నార్థకాలు నాలుగే. ఆయన తెలుసుకోవాలనుకున్నవి మాత్రం పదకొండు. పంట కొత్తదా పాతదా అన్నది ఒకటి, ఎఫ్‌ఓబీ ఒకటి, సీఐఎఫ్ ఒకటి, 25 కిలోల ప్యాకింగ్, 10 కిలోల ప్యాకింగ్, తేమ, లాటు రిపోర్టు, ఎల్‌సీ, ఫ్యూమిగేషన్, యూరప్ అనుభవం, ఆ బయ్యర్ల పేర్లు. మీ జవాబులో ఎఫ్‌ఓబీ రేటు ఉంది, తేమ 11 శాతం లోపు అని ఉంది. "ప్యాకింగ్ యస్, చేయగలం" అని ఉంది. "పేమెంట్ సంగతి మాట్లాడుకుందాం" అని ఉంది. మిగతాదంతా మా సరుకు మేలైనది, మీతో చాలాకాలం వ్యాపారం చేయాలని ఆశిస్తున్నాం అన్న మాటలే. అంటే నిజంగా జవాబు దొరికింది రెండింటికే.

ఆ "యస్" దగ్గర కాసేపు ఆగుదాం. "25 గానీ 10 గానీ చేయగలరా" అన్నదానికి "యస్" అంటే ఏది చేయగలమని? రెండూనా, ఒకటేనా? ఆయనకు తెలియదు. మీకు మాత్రం జవాబిచ్చేశానన్న తృప్తి ఉంటుంది. నన్నడిగితే, ఏమీ రాయకుండా వదిలేసిన ప్రశ్న కంటే ఇదే ఎక్కువ నష్టం. వదిలేసింది రెండోసారి చూసినప్పుడైనా కంటపడుతుంది, ఇలా సగం చెప్పింది ఎన్నిసార్లు చూసినా జవాబులాగే కనిపిస్తుంది. "గానీ", "లేదా", "మరియు" ఉన్న ప్రతిచోటా వాక్యం ఒకటే అయినా ప్రశ్నలు రెండు.

ఇక ప్రశ్నార్థకం లేనివి. "అని అనుకుంటున్నాం", "అయితే మాకు వీలు", "కావాలి", "తెలియజేయగలరు". ఇంగ్లీషు మెయిల్‌లో ఇవి "వీ అస్యూమ్", "ఇట్ వుడ్ సూట్ అస్", "కైండ్లీ అడ్వైజ్", "ప్లీజ్ కన్ఫర్మ్" అనే రూపంలో వస్తాయి. మర్యాదగా రాసే బయ్యర్లు అసలు సంగతులన్నీ ఇలాగే అడుగుతారు. ఫ్యూమిగేషన్ మాటే చూడండి. ఆయన అడగలేదు, అనుకుంటున్నానని చెప్పాడు. మీరు దాని ఊసెత్తలేదు. మన ఆఫీసులో దాన్ని మరిచిపోవడం అంటారు, ఆయన ఆఫీసులో ఒప్పుకోవడం అంటారు. రేపు ఇన్వాయిస్‌లో ఫ్యూమిగేషన్ చార్జీ విడిగా కనిపిస్తే తగాదా మొదలయ్యేది అక్కడే.

ఎల్‌సీ మీద వ్యాపారం చేస్తున్నప్పుడు దీని బరువు ఇంకా ఎక్కువ. జవాబు రాని ప్రశ్నను బయ్యర్ ఖాళీగా ఉంచడు, తనకు అనుకూలమైన జవాబు తానే రాసుకుంటాడు. అది ఆయన తెరిచే ఎల్‌సీలో ఒక షరతుగా కూర్చుంటుంది. అఫ్లాటాక్సిన్ రిపోర్టు గురించి మీరేమీ అనలేదు కాబట్టి, "ఫలానా లాటు నంబరుతో ల్యాబ్ రిపోర్టు జత చేయాలి" అని పెట్టేస్తాడు. బ్యాంకు సరుకు చూడదు, కాగితాలే చూస్తుంది. అంతర్జాతీయంగా ఎల్‌సీలకు వర్తించే యూసీపీ 600 నిబంధనల్లోనే ఆ మాట ఉంది. మీ మిర్చి ఎంత బాగున్నా రిపోర్టు మీద లాటు నంబరు లేకపోతే బ్యాంకు దాన్ని లోపంగానే పట్టుకుంటుంది, డబ్బు ఆగుతుంది. మొదటి మెయిల్‌లో ఒక్క వాక్యం రాసి ఉంటే తేలిపోయే సంగతి అది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, మీరు మెయిల్ అంతా చదివి, రిప్లై నొక్కి, గుర్తున్నదాన్ని బట్టి రాయడం మొదలుపెడుతున్నారు. అప్పుడు ముందుగా తోచేది రేటు, ఎందుకంటే ఆఫీసులో రోజంతా నలిగే మాట అదే. రేటు రాయగానే పెద్ద పని అయిపోయిందని మనసు కుదుటపడుతుంది. తర్వాత మీకు తెలిసినవి ఒకటి రెండు వస్తాయి. తెలియనివి, సార్‌ని అడగాల్సినవి మనకు తెలియకుండానే వెనక్కి జరిగిపోతాయి. మీరు వదిలేసిన వాటిని ఒకసారి చూడండి: సీఐఎఫ్, లాటు రిపోర్టు, ఎల్‌సీ, ఫ్యూమిగేషన్, పాత బయ్యర్ల పేర్లు. పంట సంగతి ఒక్కటి తప్పితే, మిగిలిపోయినవన్నీ వేరెవరినో అడిగితే గానీ తేలనివే. అజాగ్రత్త వల్ల అయితే ఇంత పద్ధతిగా మిగిలిపోవు.

కాబట్టి రాయడానికి ముందు విడగొట్టండి. బయ్యర్ మెయిల్‌ను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకోండి, లేదా ప్రింట్ తీసుకోండి. ఆయన తెలుసుకోగోరిన ప్రతి సంగతి దగ్గరా ఎంటర్ కొట్టి కొత్త లైన్‌లోకి దించండి. ఒక లైన్‌కి ఒకే సంగతి. ప్రతి లైన్‌కీ "అవును", "కాదు", లేదా ఒక అంకె, ఒక తేదీ, ఒక పేరు, ఇలా ఒక్క జవాబు సరిపోవాలి. రెండు జవాబులు కావాల్సి వస్తే ఆ లైన్ ఇంకా విరగలేదని అర్థం. పైన పలకరింపు, చివర మర్యాద మాటలు తీసేయండి. మిగిలిన లైన్లకు నంబర్లు వేయండి. ఈ మెయిల్‌కి ఐదు నిమిషాలు పడుతుంది, అంతకు మించదు.

తర్వాత ఒక్కో నంబరు పక్కన, జవాబు ఎవరి దగ్గర ఉందో రాసుకోండి. పంట ఏ ఏడాదిదో, తేమ ఎంతో, ప్యాకింగ్ సంగతేమిటో మీకే తెలుసు, లేదా గోడౌన్‌కి ఫోన్ చేస్తే తెలుస్తుంది. సీఐఎఫ్‌కి, సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వర్డర్ ఫ్రైట్ రేటు, అంటే ఓడ కిరాయి చెప్పాలి, దానికి ఇన్సూరెన్స్ కలపాలి. రిపోర్టు ఎన్నాళ్లలో వస్తుందో ల్యాబ్ చెప్పాలి. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది కాబట్టి మీకు అది కష్టం కాదు. ఎల్‌సీ, ఫ్యూమిగేషన్ ఖర్చు, పాత బయ్యర్ల పేర్లు, ఈ మూడూ సార్ చెప్పాల్సినవి.

సార్ యార్డులో ఉంటారని రాశారు. బేరాలు జరుగుతున్న వేళ ఫోన్ చేసి "ఆ నెదర్లాండ్స్ ఆయనకి పేమెంట్ సంగతి ఏం రాయమంటారు సార్" అని అడిగితే ఏ యజమాని అయినా "తర్వాత చూద్దాం లేమ్మా" అనే అంటారు. ఆ "తర్వాత చూద్దాం" అన్నదే ఇంగ్లీషులోకి మారి మీ మెయిల్‌లో "మాట్లాడుకుందాం" అయి వెళ్లింది. దానికి బదులు మూడింటినీ ఒకే వాట్సాప్ మెసేజ్‌లో, ఒక్క ముక్కలో తేల్చగలిగేలా పెట్టండి: "సార్, నెదర్లాండ్స్ పార్టీకి మధ్యాహ్నం ఒంటిగంటలోపు జవాబివ్వాలి. 1. ఎల్‌సీ ఎట్ సైట్ అయితే ఒప్పుకోవచ్చా? 60 రోజులది అడిగితే ఒప్పుకోవచ్చా? 2. ఫ్యూమిగేషన్ మన రేటులో కలిపామా, విడిగానా? 3. యూరప్ పాత పార్టీల పేర్లు చెప్పవచ్చా?" ఆయన అక్కడి నుంచే "1 సైట్ అయితే ఓకే, 60 వద్దు. 2 కలిపే. 3 పేర్లు వద్దు" అని పంపగలరు. ఎల్‌సీలో డబ్బు కాగితాలు చూపగానే వస్తుందా, 60 రోజుల తర్వాత వస్తుందా అన్నది సార్‌కి పెద్ద తేడా. కాబట్టి "ఎల్‌సీకి ఓకే" అని మాత్రం రాసి పంపకండి, అది కూడా ఆ "యస్" లాంటిదే అవుతుంది.

ఒంటిగంట అని ఎందుకన్నానంటే, నెదర్లాండ్స్ మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం 9 అయ్యేసరికి మనకు చలికాలంలో ఒకటిన్నర, వేసవిలో పన్నెండున్నర. రాత్రి వచ్చిన మెయిల్‌ను పొద్దున్నే చూసి కంగారుగా పదింటికే పంపేయాల్సిన పని లేదు, ఆయన ఇంకా ఆఫీసుకే రాలేదు. ఆ రెండు మూడు గంటలూ జవాబులు పోగుచేసుకోవడానికి వాడుకోండి.

అయినా అన్నీ దొరకవు. ఆ రోజుకి ఫ్రైట్ రేటు రాదు, ల్యాబ్ వాళ్లు ఫోన్ ఎత్తరు. అప్పుడు చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. అన్నీ వచ్చాకే పంపుదామని నాలుగు రోజులు ఆపుతారు, లేదా వచ్చినవి రాసి రానివి వదిలేస్తారు. రెండూ వద్దు. అదే రోజు పంపండి, రాని వాటికి కూడా వాటి నంబరు కింద ఒక లైన్ ఉండాలి: ఎవరి నుంచి రావాలి, ఏ రోజుకి ఇస్తారు. "త్వరలో" అనే మాట వాడకండి. "గురువారం మీ సాయంత్రం 5లోపు" అనండి. చెప్పలేనివి, చెప్పకూడనివి ఉంటాయి, వాటికీ లైన్ ఉండాలి. పాత బయ్యర్ల పేర్లు ఇవ్వలేమని సూటిగా రాస్తే ఏ బయ్యరూ నొచ్చుకోడు, తన పేరు కూడా ఇంకొకరికి చెప్పరని ధైర్యపడతాడు. ఏమీ అనకపోతే మాత్రం అసలు యూరప్‌కి పంపనే లేదేమో అనుకుంటాడు.

మీ మెయిల్‌ను ఆ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది. గోడౌన్ నుంచి, ల్యాబ్ నుంచి రావాల్సిన వివరాలు ఊహించి పెట్టాను, వాటి బదులు మీవి పెట్టుకోండి.

1. పంట: ఈ ఏడాదిదే. కోల్డ్ స్టోరేజీలో పెట్టింది, పాత ఏడాది సరుకు కలపలేదు.
2. చెన్నై ఎఫ్‌ఓబీ: కిలో ఇంత, 25 కిలోల సంచులకు. ఈ రేటు ఫలానా తేదీ వరకే.
3. రోటర్‌డామ్ సీఐఎఫ్: ఫ్రైట్ రేటు రావాలి. గురువారం మీ సాయంత్రం 5లోపు పంపుతాం.
4. 25 కిలోల సంచులు: చేస్తాం.
5. 10 కిలోల అట్టపెట్టెలు: చేస్తాం, రేటు వేరు. గురువారం 3తో పాటే చెబుతాం.
6. తేమ: 11 శాతం లోపు.
7. అఫ్లాటాక్సిన్: మీ లాటుకే పరీక్ష చేయిస్తాం, రిపోర్టు మీద లాటు నంబరు ఉంటుంది, లోడింగ్‌కి ముందే మీకు కాపీ పంపుతాం. బీ1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10, ఈ పరిమితి లోపు ఉంటేనే లోడ్ చేస్తాం.
8. ఎల్‌సీ: ఎట్ సైట్ అయితే సమ్మతమే. గడువు ఎల్‌సీ కుదరదు.
9. ఫ్యూమిగేషన్: ఎఫ్‌ఓబీ రేటులో కలిసే ఉంది.
10. యూరప్: పంపాం.
11. ఆ బయ్యర్ల పేర్లు: వారి వివరాలు బయటపెట్టలేం.

ఇందులో రెండు చోట్ల కాస్త వివరం కావాలి. ఐదోది మూడోదానితో ముడిపడి ఉంది. అట్టపెట్టెల్లో పెడితే అదే కంటైనర్‌లో పట్టే సరుకు తగ్గుతుంది, కిలోకి పడే ఫ్రైట్ పెరుగుతుంది. ఇలా ఒక ప్రశ్న జవాబు ఇంకోదాని మీద ఆధారపడినప్పుడు రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేయకండి. నంబర్లు విడిగానే ఉంచి, ఇది దానితో పాటు వస్తుందని రాయండి. కలిపితే రేపు మీరే ఏది పంపారో, ఏది పంపలేదో తేల్చుకోలేరు.

ఏడోది ఆయనకు ఎందుకంత పట్టింపో తెలిస్తే మీరు దాన్ని ఇంకెప్పుడూ వదలరు. అఫ్లాటాక్సిన్ బూజు నుంచి వచ్చే విషం. ఆరబెట్టేటప్పుడు తేమ తగిలిన కొన్ని కాయల్లోనే ఉండి, పక్క కాయల్లో లేకపోవచ్చు. సరుకంతా ఒకేలా ఉండదు కాబట్టి పాత లాటు రిపోర్టు కొత్త లాటు గురించి ఏమీ చెప్పదు. యూరోపియన్ యూనియన్‌లో మిర్చికి ఈ విషంలో బీ1 అనే రకం పరిమితి కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10. దాటితే రేవులోనే సరుకు ఆగిపోతుంది, ఆ నష్టం ఎవరు భరించాలన్న పేచీ మొదలవుతుంది. ఆయన మూడుసార్లు అడిగింది ఏదో మీరు రాయలేదు గానీ, ఇదే అయ్యుంటుందని నా నమ్మకం.

జవాబుల్ని ఆయన మెయిల్ మధ్యలోనే, ఒక్కో ప్రశ్న కింద రాసే పద్ధతి కూడా ఉంది. కంప్యూటర్‌లో జీమెయిల్ రిప్లై పెట్టెలో కింద కనిపించే మూడు చుక్కలు నొక్కితే ఆయన మెయిల్ బయటికి వస్తుంది, దాని మధ్యలో రాయవచ్చు. ప్రశ్నలు తక్కువగా, విడివిడిగా ఉంటే ఇది బాగుంటుంది. ఇలా ఒకే పేరాలో గుచ్చెత్తి అడిగినప్పుడు మాత్రం నంబర్లే నయం. ఇంకో మాట, మధ్యలో రాసినప్పుడు కేవలం ఎర్ర రంగుతో మీ జవాబును వేరుచేయకండి. ఆయన దాన్ని తన బ్యాంకుకో పైఅధికారికో ఫార్వర్డ్ చేసినప్పుడు, నలుపు తెలుపులో ప్రింట్ తీసినప్పుడు రంగు పోవచ్చు, అప్పుడు ఏది ఆయన మాటో ఏది మీ మాటో తెలియకుండా కలిసిపోతుంది. నంబరు ఎక్కడికెళ్లినా పోదు. బయ్యర్ ప్రశ్నలను ఎక్సెల్ ఫైల్‌గా పంపితే మీ క్రమం పక్కన పెట్టి ఆయన ఫైల్‌లోనే, ఆయన గడుల్లోనే నింపి పంపండి.

పంపే ముందు ఒకసారి సరిచూస్తారు కదా, అప్పుడు మీ జవాబును చదవకండి. మనం రాసింది మనకు ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. ఆయన అసలు మెయిల్ తెరిచి, చివరి వాక్యం నుంచి పైకి చదువుతూ రండి. ఒక్కో వాక్యానికీ మీ జవాబులో ఏ నంబరు ఉందో వేలు పెట్టి చూపగలగాలి. చివరి నుంచి ఎందుకంటే, పై నుంచి చదివితే మొదటిసారి ఎక్కడ జారిపోయామో రెండోసారీ అక్కడే జారిపోతాం. నోట్‌ప్యాడ్ లైన్లతో కాదు, అసలు మెయిల్‌తోనే పోల్చండి. విడగొట్టేటప్పుడే ఏదైనా తప్పిపోయి ఉంటే దొరికేది అప్పుడే.

బాకీ ఉన్న నంబర్లు, ఇక్కడ 3, 5, మీ డైరీలో గురువారం పేజీలో రాసుకోండి. గురువారం మెయిల్‌లో అవే నంబర్లు వాడండి, మళ్లీ 1, 2 అని మొదలుపెట్టవద్దు. ఫార్వర్డర్ ఆ రోజుకీ రేటు ఇవ్వకపోతే గురువారం నాడే "3కి ఇంకా రాలేదు, శుక్రవారం" అని ఒక లైన్ పంపండి. మాటిచ్చిన రోజు మౌనంగా గడిచిపోతే బయ్యర్ నాలుగోసారి అడగాల్సి వస్తుంది.

వాట్సాప్‌లో అడిగే బయ్యర్లతో కొంచెం వేరు. వాళ్లు ఐదు మెసేజ్‌ల్లో, మధ్యలో ఒక వాయిస్ నోట్‌తో అడుగుతారు. ఒక్కో మెసేజ్‌ని స్వైప్ చేసి దానికే రిప్లై ఇవ్వడం బాగానే ఉంటుంది, కాకపోతే వాయిస్ నోట్‌లో ఉన్న మూడు ప్రశ్నలకు స్వైప్ ఒకటే ఉంటుంది. దాన్ని వింటూ కాగితం మీద ప్రశ్నలు రాసుకుని, ఆ ప్రశ్నలతో సహా నంబర్లు వేసి పంపండి. మీరు సరిగ్గా విన్నారో లేదో ఆయనకూ తెలుస్తుంది.

ఇప్పుడు ఆ నెదర్లాండ్స్ మెయిల్ సంగతి. కొత్తగా "క్షమించండి" అని పెద్ద మెయిల్ రాయకండి. ఆయన ఈ మధ్య పంపిన మూడు మెయిల్స్‌నీ పక్కపక్కన పెట్టి, ఎక్కడెక్కడ ఏం అడిగారో పైన చెప్పినట్టు ఒకే వరసగా విడగొట్టండి. సార్‌కి ఈ రోజే ఆ మూడు ప్రశ్నల మెసేజ్ పెట్టండి. జవాబు మెయిల్ మొదట్లో "మీ మూడు మెయిల్స్‌లో అడిగినవన్నీ ఇక్కడ ఒకే చోట ఇస్తున్నాం, 3, 5 మాత్రం గురువారం" అని ఒక వాక్యం రాసి, కింద నంబర్లు మొదలుపెట్టండి. సార్‌ని సీసీలో పెట్టండి. అందరి ముందూ చదివిన ఆయనే ఇదీ చదువుతారు.